చీరలు చెప్పిన తేదీకి అందనప్పుడు రాసే క్షమాపణ మెయిల్: ఏది ఒప్పుకోవాలి, ఎక్కడ ఆగాలి

భూదాన్ పోచంపల్లిలో ఒక చీరల వ్యాపారి దగ్గర ఆర్డర్ల మెయిళ్లు చూసే పని నాది. ఈ పనిలో చేరిన కొత్తలో, ఒక పెళ్లింటికి చీరలు తొమ్మిది రోజులు ఆలస్యంగా చేరాయి. అవతలివాళ్ల బాధ చూసి నాకు మనసాగలేదు. "మా నిర్లక్ష్యం వల్ల మీ శుభకార్యానికి కలిగిన నష్టానికి పూర్తి బాధ్యత మాదే, దయచేసి క్షమించండి" అని రాశాను. రెండు నెలల తర్వాత ఒక లాయరు నోటీసు వచ్చింది. అందులో మొదటి పేరా నా వాక్యమే, ఒక్క అక్షరం మారకుండా. నిజానికి అక్కడ నిర్లక్ష్యం అన్నది ఏదీ లేదు. వానలకు నూలు ఆరలేదు, అంతే. ఎవరూ అడగకుండానే ఆ మాట నేనే అందించాను.

ఆ దెబ్బతో తర్వాతి మెయిల్‌ను మరీ బిగించి రాశాను. "కొన్ని అనివార్య కారణాల వల్ల ఆలస్యం జరిగింది, అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని. అది అందుకున్న ఆవిడ ఫోన్ చేసి, "బాబూ, రైల్వే స్టేషన్‌లో మైకు చెప్పినట్టు చెప్పారు. ఒక్క మాట మన్నించండి అని రాయలేకపోయారా?" అని అడిగారు. ఆవిడ అడిగింది న్యాయమే. ఈ రెండు మెయిళ్ల మధ్య ఒక దారి ఉంది. దాన్ని ఒక ఆర్డరు ఆధారంగా అడుగడుగునా చూపిస్తాను.

ఆర్డరు సంగతి

విజయవాడ నుంచి ఒక కుటుంబం ఆరు పట్టు ఇక్కత్ చీరలు అడిగింది. అన్నీ ఒకే నమూనా. ఒక్కో చీర 8,500 రూపాయలు, మొత్తం 51,000. బయానా 25,000 పంపారు. ఆగస్టు 12 నాటికి ఇంటికి చేరుస్తామని మేము మెయిల్‌లో రాశాం. 14న వాళ్లింట్లో నిశ్చితార్థం ఉందని ఆర్డరు ఇచ్చేటప్పుడే వాళ్లు చెప్పారు.

ఇక్కత్‌లో రంగు పడేది నేత తర్వాత కాదు, నేతకు ముందే. రంగు అంటకూడని చోట నూలుకు ముడులు కట్టి ముంచుతారు, ఆరబెడతారు, ముడులు విప్పి మరోచోట కట్టి మళ్లీ ముంచుతారు. ప్రతిసారీ నూలు పూర్తిగా ఆరాలి. జులై చివర ముసురు పట్టింది. నూలు ఆరడం ఆలస్యమైంది. గుంట మగ్గంలో చెమ్మ చేరి మరికొన్ని రోజులు నేత ఆగింది. ఆగస్టు 6 ఉదయం చూస్తే రెండు చీరలే మగ్గం దిగాయి.

మొదటి అడుగు: మెయిల్ కంటే ముందు మగ్గం దగ్గరికి

క్షమాపణ మెయిల్‌లో అన్నిటికంటే విలువైనది కొత్త తేదీ. అది కూడా తప్పితే ఇక ఏ మాటా నిలబడదు. అందుకే నేను మెయిల్ తెరవకముందు నేతన్న ఇంటికి వెళ్లి అడుగుతాను. ఆరోజు ఆయన చెప్పిన లెక్క ఇది: చీరకు నాలుగు రోజులు, మిగిలినవి నాలుగు, అంటే పదహారు రోజులు. కోసి, మడతపెట్టి, సరిచూడటానికి ఒక రోజు. విజయవాడకు పార్సిల్ చేరడానికి మూడు రోజులు. ఇరవై రోజులు కలిపితే ఆగస్టు 26. మళ్లీ వాన పడితే? దానికి నాలుగు రోజులు వదిలి, 30 అని రాయాలని అనుకున్నాం. సిద్ధమైన రెండు చీరలను మాత్రం ఏడో తేదీనే పంపితే పదికల్లా చేరతాయి.

తేదీ తప్పుతుందని తెలిసిన రోజే మెయిల్ వెళ్లాలి. 12 దాటాక రాస్తే అది సంజాయిషీ అవుతుంది. ఆరున రాస్తే ఆ ఇంటివాళ్లకు వేరే ఏర్పాటు చూసుకోవడానికి ఎనిమిది రోజులు మిగులుతాయి. వాళ్ల నష్టం తగ్గితే, రేపు మనల్ని అడిగే మొత్తమూ తగ్గుతుంది. ఇక్కడ మర్యాద, జాగ్రత్త రెండూ ఒకే దారిలో నడుస్తాయి.

రెండో అడుగు: చట్టం ఏమి చూస్తుందో తెలుసుకోవడం

లాయరు కావలసిన పని లేదు కానీ, నాలుగు సంగతులు తెలిసి ఉండాలి.

ఆలస్యం జరిగిందన్న నిజం మన మెయిల్ వల్ల పుట్టదు. పార్సిల్ మీద తేదీ ఉంటుంది, ఆర్డరు మెయిల్‌లో మనం ఇచ్చిన గడువు ఉంటుంది. కాబట్టి "12కు అందించలేకపోతున్నాం" అని రాస్తే కొత్తగా పోయేది ఏమీ లేదు. దాచితే పోయేది నమ్మకం. ప్రమాదం ఉన్నది ఆ నిజానికి మనం తగిలించే తీర్పులో, అంటే నిర్లక్ష్యం, ఉల్లంఘన, నష్టానికి పూచీ వంటి మాటల్లో.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, మనకు వ్యతిరేకంగా మనమే రాసుకున్న మాటను ఒప్పుకోలుగా కోర్టు ముందు పెట్టవచ్చు. మెయిల్ కూడా సాక్ష్యమే. క్షమాపణ కోరినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని బ్రిటన్‌లో 2006 నాటి పరిహార చట్టం స్పష్టంగా చెబుతుంది. మన దగ్గర అలా రక్షణ ఇచ్చే సాధారణ చట్టం లేదు. అందుకే మన రక్షణ మన వాక్యంలోనే ఉండాలి.

ఇక నష్టం సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 73వ సెక్షన్ రెండు రకాల నష్టాన్ని లెక్కలోకి తీసుకుంటుంది: మామూలుగా అలాంటి ఆలస్యం వల్ల కలిగేది, ఒప్పందం కుదిరేటప్పుడే కలగవచ్చని ఇద్దరికీ తెలిసినది. దూరపు, పరోక్ష నష్టాలు అందులోకి రావు. ఇందులో ఒక కీలకం ఉంది. లెక్కకు వచ్చేది ఆర్డరు కుదిరిన రోజున మనకు తెలిసినది. నిశ్చితార్థం సంగతి వాళ్లు అప్పుడే చెప్పారు కాబట్టి, ఇప్పుడు మెయిల్‌లో దాన్ని ప్రస్తావిస్తే కొత్తగా మెడకు చుట్టుకునేది ఏదీ ఉండదు. తెలియనట్టు నటిస్తే అబద్ధమవుతుంది, పైగా పాత మెయిల్ దాన్ని బయటపెడుతుంది. ఇంట్లో వేడుక ఉన్నవాళ్లకు ఆ వేడుక ఊసెత్తకుండా రాయడం మనిషి చేసే పని కాదు కూడా.

నాలుగోది డబ్బు వాపసు. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును వెనక్కు తీసుకోం, డబ్బు తిరిగి ఇవ్వం అని అమ్మినవారు అనడానికి లేదు. మన చేతిలో లేని మహా విపత్తు వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. కాబట్టి డబ్బు వాపసు ఇస్తామనడం తప్పు ఒప్పుకోవడం కాదు, వాళ్ల డబ్బు వాళ్లకు ఇవ్వడం. ఆ మాట రాయడానికి జంకకండి.

మూడో అడుగు: తెలుగు మాటలతో వచ్చే చిక్కు

ఇంగ్లీషులో ఇలాంటి మెయిల్ రాసేవారికి మన ఇబ్బంది లేదు. పని నెత్తిన వేసుకోవడానికి ఒక మాట, చట్టం ముందు పూచీకి వేరొక మాట వారికి ఉన్నాయి. మనం మాత్రం వాడుకలో రెండింటికీ "బాధ్యత" అనే రాసేస్తాం. "పూర్తి బాధ్యత మాదే" అని మనం మంచితనంతో రాస్తే, చదివే లాయరు దాన్ని పూచీగా చదువుతాడు. అందుకని నేను ఆ నామవాచకాన్ని వదిలేసి క్రియలతో రాస్తాను. "తేదీ ఇచ్చింది మేము. ఆ తేదీకి అందించలేకపోతున్నది మేము. దీన్ని చక్కదిద్దే పని కూడా మాదే." ఈ మూడు వాక్యాలు చదివినవారెవరూ వీళ్లు తప్పించుకుంటున్నారని అనుకోరు. ఇందులో నష్టానికి పూచీ పడ్డ మాట కూడా లేదు.

కర్తను మాయం చేయకండి. "ఆలస్యం జరిగింది" అంటే ఆలస్యం దానంతట అదే వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. "మేము అందించలేకపోతున్నాం" అంటే ఒక మనిషి ఎదురుగా నిలబడి చెప్పినట్టు ఉంటుంది. చట్టం దృష్టిలో రెండూ ఒకే నిజం చెబుతున్నాయి. చదివేవారి మనసులో మాత్రం ఎంతో తేడా.

"మన్నించండి", "క్షమించండి" అన్న మాటలకు భయపడనక్కర్లేదు. చూసుకోవలసింది వాటికి ముందు వచ్చే మాటను. "చీరలు సమయానికి అందించలేకపోతున్నందుకు మన్నించండి" అనవచ్చు. "మా నిర్లక్ష్యాన్ని మన్నించండి" అనకూడదు. మొదటిదాంట్లో జరిగిన సంగతి ఉంది, రెండోదాంట్లో తీర్పు ఉంది. "మాట తప్పాం" అన్న వాడుక కూడా నేను రాయను. తెలుగులో అది కావాలని చేసిన పనిలా, నడవడిక మీద మచ్చలా వినిపిస్తుంది.

అన్నిటికంటే చాటుగా జారేది "వలసింది" అన్న చివర. "వానాకాలం అని ముందే ఎక్కువ గడువు పెట్టుకోవలసింది", "మీకు ముందే చెప్పి ఉండవలసింది". వినడానికి ఎంతో నిజాయితీగా ఉంటుంది. కానీ చేయవలసిన పని చేయలేదని మన మీద మనమే ఇచ్చుకున్న తీర్పు అది. అదే విషయాన్ని ముందుకు తిప్పి చెప్పండి: "ఇకపై వానాకాలం ఆర్డర్లకు పదిహేను రోజులు కలిపి గడువు చెబుతున్నాం." పాఠం నేర్చుకున్నామని కొనుగోలుదారుకు అర్థమవుతుంది. ఒక షరతు, అది నిజంగా చేస్తేనే రాయాలి.

నాలుగో అడుగు: కారణం రెండు వాక్యాలు దాటకూడదు

కళ్లతో చూసినదే రాయాలి. నూలు ఆరలేదు, మగ్గం గుంట చెమ్మెక్కింది, రెండు చీరలే అయ్యాయి. "ఊహించని ప్రకృతి వైపరీత్యం" అని రాయకూడదు. జులైలో వాన ఎవరూ ఊహించనిది కాదు, ఆ మాట మిగతా మెయిల్ మొత్తాన్ని అనుమానంలో పడేస్తుంది. నేతన్న మీదికి తోయకండి. పార్సిల్ సంస్థ మీదికీ తోయకండి. ఇంటికి చేరుస్తామన్నది మనం. దారిలో ఆలస్యమైతే ఆ లెక్క మనకూ పార్సిల్ సంస్థకూ మధ్య తేలాలి, కొనుగోలుదారుకు దాంతో పని లేదు. కారణం ఇంకా తెలియకపోతే, "ఎక్కడ ఆగిందో కనుక్కుంటున్నాం, రేపు సాయంత్రం ఆరులోగా చెబుతాం" అని రాయండి. ఊహించి రాసిన కారణం తర్వాత తప్పని తేలితే మిగిలిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

ఐదో అడుగు: మెయిల్

విషయం అన్న గడిలో "మీ ఆర్డరు గురించి" అని పెడితే ఎవరూ వెంటనే తెరవరు. తేదీ, సంగతి అక్కడే ఉండాలి. మేము పంపినది ఇది:

> విషయం: మీ ఆరు చీరల్లో రెండే ఆగస్టు 12కు అందుతాయి, మీ నిర్ణయం కోసం
>
> అమ్మా, నమస్కారం.
>
> మీరు ఆర్డరు ఇచ్చిన ఆరు చీరలను ఆగస్టు 12 నాటికి చేరుస్తామని చెప్పాం. వాటిలో రెండు మాత్రమే ఆ తేదీకి అందించగలం, మిగతా నాలుగు అందించలేకపోతున్నాం. దయచేసి మన్నించండి. 14న మీ ఇంట్లో నిశ్చితార్థం పెట్టుకుని ఈ కబురు వినడం ఎంత ఇబ్బందో మాకు తెలుసు.
>
> జులై చివరి వానలకు రంగు వేసిన నూలు ఆరడం ఆలస్యమైంది, మగ్గం గుంట చెమ్మెక్కి కొన్ని రోజులు నేత ఆగింది. తేదీ ఇచ్చింది మేము, దీన్ని చక్కదిద్దే పని కూడా మాదే.
>
> సిద్ధంగా ఉన్న రెండు చీరలను రేపు, అంటే 7న పంపుతాం. 10కల్లా మీకు చేరతాయి. మిగతా నాలుగు ఆగస్టు 30లోగా మీ ఇంటికి చేరతాయి. మీకు ఏది అనుకూలమో చెప్పండి:
>
> రెండు ఇప్పుడు తీసుకుని, నాలుగింటి కోసం ఆగవచ్చు. అలాగైతే ఆ నాలుగింటి మీద చీరకు 500 చొప్పున 2,000 రూపాయలు తగ్గిస్తాం.
>
> రెండు మాత్రమే తీసుకోవచ్చు. వాటి ధర 17,000 పోగా, మీరు పంపిన 25,000లో మిగిలిన 8,000 రూపాయలు మీ ఖాతాకు తిరిగి పంపుతాం.
>
> మొత్తం వద్దనుకుంటే 25,000 రూపాయలూ తిరిగి పంపుతాం.
>
> మీ జవాబు అందిన రెండు పనిదినాల్లో డబ్బు పంపే పని పూర్తవుతుంది. రెండు చీరలు రేపు మధ్యాహ్నం మూడింటికి పార్సిల్‌లో వేయాలి కాబట్టి, అప్పటిలోగా ఒక్క మాట చెప్పగలిగితే మంచిది. ఈ మెయిల్ వెళ్లిన అరగంటలో నేనే మీకు ఫోన్ చేస్తాను.

కింద నా పేరు, నేరుగా నాకే మోగే ఫోన్ నంబరు ఉంటాయి. "కస్టమర్ సేవా విభాగం" అని సంతకం పెట్టిన క్షమాపణ ఎవరి క్షమాపణా కాదు.

ఈ మెయిల్‌లో ఇంకో సంగతి గమనించండి. 2,000 రూపాయలను "నష్టపరిహారం" అనలేదు, తగ్గింపు అన్నాం. నష్టపరిహారం అంటే నష్టం కలిగిందని, దానికి మేము పూచీ అని రెండూ ఒప్పుకున్నట్టే. అలాగని "ఈ తగ్గింపు తీసుకుంటే ఇక ఫిర్యాదు చేయకూడదు" అన్న షరతూ పెట్టలేదు. క్షమాపణ మెయిల్‌లో అలాంటి షరతు చేర్చడం పరామర్శకు వెళ్లి సంతకం అడిగినట్టు ఉంటుంది. పూర్తి పరిష్కారపు ఒప్పందం అవసరమైతే అది వేరే కాగితం, లాయరు చూసి రాయవలసినది.

"మా హక్కులకు భంగం లేకుండా" అన్న లాయర్ల మాటను కూడా ఇక్కడ పెట్టకండి. దాని స్థానం వివాదం మొదలయ్యాక జరిగే రాజీ ఉత్తరాల్లో. ఈ ఉత్తరాన్ని సాక్ష్యంగా వాడకూడదన్న స్పష్టమైన షరతు ఉన్నప్పుడు, లేదా ఇద్దరికీ ఆ ఒప్పందం ఉందని పరిస్థితులను బట్టి తెలిసినప్పుడు సివిల్ కేసుల్లో చట్టం దాన్ని గౌరవిస్తుంది. మామూలు మెయిల్ పైన ముద్రలా వేస్తే రక్షణ దక్కుతుందన్న నమ్మకం లేదు, చదివేవారి మనసు మాత్రం తప్పకుండా విరుగుతుంది.

ఆరో అడుగు: ఫోన్‌లో నోరు జారకుండా

మెయిల్‌ను ఎంతో జాగ్రత్తగా రాసి, ఫోన్‌లో అంతా ఒలకబోసేవారిని చూశాను. అవతలి గొంతులో బాధ వినగానే "మీకు ఎంత ఖర్చయినా మేము ఇస్తాం అమ్మా" అనేస్తాం. వాట్సాప్‌లో పంపిన గొంతు సందేశమైనా అంతే, అదీ నిలిచి ఉండే రికార్డే. నేను మెయిల్ ప్రతిని ముందు పెట్టుకుని మాట్లాడతాను. ఎక్కువసేపు వింటాను. అందులో లేని మాట ఇవ్వవలసి వస్తే, "యజమానితో మాట్లాడి సాయంత్రంలోగా రాసి పంపుతాను" అంటాను, పంపుతాను.

ఏడో అడుగు: జవాబులో డబ్బు అడిగితే

ఆ ఇంటివాళ్లు రెండు చీరలే ఉంచుకున్నారు. 8,000 తిరిగి పంపాం. 16న ఇంకో మెయిల్ వచ్చింది: మిగతా నాలుగు చీరలను విజయవాడలో చీరకు 11,000 చొప్పున కొన్నామని, తేడా 10,000 మీరే ఇవ్వాలని.

ఇలాంటి జవాబుకు రోషపడకూడదు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 73వ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన మొదటి ఉదాహరణలో, సురేకారం అమ్ముతానని ఇవ్వనివాడు, అదే నాణ్యత గల సరుకును ఆ సమయంలో కొనాలంటే అయ్యే ధరకూ ఒప్పుకున్న ధరకూ మధ్య తేడా ఇవ్వాలని ఉంది. మన మెయిల్‌లో ఎంత జాగ్రత్తగా మాటలు ఏరుకున్నా ఈ లెక్క మాయం కాదు. లేని తప్పును నెత్తిన వేసుకోకుండా ఆ జాగ్రత్త కాపాడుతుంది, ఉన్న బాకీని మాత్రం చెరపదు. తేలవలసినదల్లా అవి అదే రకం చీరలా, ఆ ధర సబబా అన్నదే. పైగా వినియోగదారు తన ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఈ మొత్తానికి మనం విజయవాడ చుట్టూ తిరగాలి.

అందుకని ఆరోజు ఇంతే రాశాను: "మీ మెయిల్ అందింది. మీకు ఈ ఇబ్బంది కలిగినందుకు మళ్లీ మన్నించమని కోరుతున్నాం. మీరు కొన్న చీరల బిల్లులు, ఫొటోలు పంపగలరా? అవి చూసి ఏడు రోజుల్లోగా మా జవాబు రాస్తాం." అవునని లేదు, కాదని లేదు. బిల్లులు వచ్చాక వాటిని, మొదటి ఆర్డరు మెయిల్‌ను కలిపి నల్లగొండలో మా లాయరుకు చూపించాం. నాలుగింటిలో మూడు మా రకం ఇక్కత్ చీరలే, ఒకటి వేరే రకం, ఖరీదైనది. మూడింటికి తేడా 7,500 ఇవ్వడానికి యజమాని ఒప్పుకున్నారు. ఆ రాజీ కాగితం లాయరు రాశారు, వివాదం ఇంతటితో ముగిసిందన్న మాట అందులో ఉంది. నా క్షమాపణ మెయిల్‌ను ఎవరూ ఎక్కడా ఎత్తి చూపలేదు.

నోటీసు ముందే వచ్చి ఉంటే, ఒప్పందంలో ఆలస్యానికి రోజుకింత జరిమానా అని రాసి ఉంటే, లేదా మీ వ్యాపారానికి బీమా ఉంటే ఈ పద్ధతిలో మీకు మీరే రాయకండి. తమను అడగకుండా పూచీ ఒప్పుకోకూడదని బీమా సంస్థలు సాధారణంగా షరతు పెడతాయి. అలాంటప్పుడు మొదటి మెయిల్‌ను కూడా పంపకముందే లాయరుకు చూపించండి.